డబ్బా మీద పదకొండు, కారులోకి మూడున్నర

హన్మకొండ సుబేదారిలో ఉండే మా బావమరిది పోయిన ఎండాకాలం ఒక చిన్న ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. బ్యాటరీ 24 యూనిట్లది. కారుతో పాటు వచ్చిన చార్జర్‌ను పదిహేను ఆంపియర్ల సాకెట్‌లో పెడితే నిండడానికి రాత్రంతా పడుతోందని నెల తిరగకుండానే విసుగొచ్చింది. ఎవరో చెప్పారని గోడకు బిగించే 7.4 కిలోవాట్ల వాల్ బాక్స్ తెప్పించి, మీటర్ దగ్గర నుంచి పార్కింగ్ దాకా ఆరు స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించి, కొత్త ఎంసీబీ, వేరే ఎర్త్ పిట్ అన్నీ చేయించాడు. మొత్తం పని అయ్యాక మొదటి రాత్రే ఫోన్.

"బావా, డబ్బా మీద ఏడు పాయింట్ నాలుగు అని రాసుంది. యాప్ చూస్తే మూడే చూపిస్తుందేంది? వైరింగ్‌ల ఏమన్న తేడా ఉన్నదా?"

పొద్దున్నే వెళ్లి టాంగ్ టెస్టర్ పెట్టి చూశాను. ఫేజ్ వైరు చుట్టూ దవడ బిగిస్తే 14 ఆంపియర్లు చూపించింది. వోల్టేజ్ 228. రెండూ గుణిస్తే సుమారు 3.2 కిలోవాట్లు. వైరింగ్‌లో తప్పేమీ లేదు, వాల్ బాక్స్‌లోనూ లేదు. కారు బ్రోచర్ తీసి చివరి పేజీలో చూపించాను: ఆన్‌బోర్డ్ చార్జర్, 3.3 కిలోవాట్లు. అదే కారు 7.2 కిలోవాట్ల చార్జర్‌తో కూడా దొరుకుతుంది, కాస్త ఎక్కువ ధరకు. ఆ డబ్బు మిగుల్చుకుందామనే ఇతను కింది మోడల్ తీసుకున్నాడు. మిగిలిన డబ్బు మొత్తం ఇప్పుడు గోడ మీద ఉంది.

ఈ తికమకకు సగం కారణం మాటలోనే ఉంది. గోడకు బిగించే డబ్బాను అందరం చార్జర్ అంటాం. నిజానికి అది చార్జర్ కాదు. బ్యాటరీలోకి వెళ్లేది డీసీ, ఇంట్లోకి వచ్చేది ఏసీ. ఏసీని డీసీగా మార్చి, బ్యాటరీకి కావలసిన వోల్టేజ్‌లో, కావలసినంత కరెంటు ఇచ్చేదాన్నే చార్జర్ అనాలి. ఆ పని చేసే పెట్టె కారు లోపలే ఉంటుంది. దాని పేరు ఆన్‌బోర్డ్ చార్జర్, పొట్టిగా ఓబీసీ. గోడ మీది డబ్బా మూత తీసి చూస్తే కనిపించేది కరెంటును కలిపి విడదీసే ఒక పెద్ద కాంటాక్టర్, లీకేజీ పట్టుకునే ఏర్పాటు, కరెంటు కొలిచే మీటర్ ముక్క, ఒక చిన్న కంట్రోల్ బోర్డు. అంతే. అది తెలివైన స్విచ్. ఇంట్లోకి వచ్చిన ఏసీ ఏ రూపంలో వచ్చిందో అదే రూపంలో దాని గుండా కారులోకి పోతుంది.

ఇందులో చూడముచ్చటైన విషయం ఒకటుంది. డబ్బాకు, కారుకు మధ్య జరిగే సంభాషణ. కేబుల్‌లో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ కాక ఇంకో సన్నని తీగ ఉంటుంది, కంట్రోల్ పైలట్ అంటారు. కేబుల్ చివర ఉండే గన్ కారులో పెట్టగానే ఆ తీగ మీద డబ్బా సెకనుకు వెయ్యి సార్లు ఆన్, ఆఫ్ అయ్యే సంకేతం పంపుతుంది. ప్రతిసారీ ఎంతసేపు ఆన్‌లో ఉందన్నదే అసలు కబురు. మామూలుగా మనకు పనికొచ్చే పరిధిలో ఆ ఆన్ శాతాన్ని 0.6తో గుణిస్తే ఆంపియర్లు వస్తాయి. ఆన్ సమయం సుమారు 53 శాతం ఉంటే "నా దగ్గర 32 ఆంపియర్ల దాకా ఉంది" అని అర్థం. 27 శాతం దగ్గర ఉంటే 16 ఆంపియర్లు. కారు ఆ మాట విని, తాను సిద్ధమని అదే తీగ మీద వోల్టేజ్ తగ్గించి బదులు చెబుతుంది. అప్పుడు మాత్రమే డబ్బాలో కాంటాక్టర్ టక్‌మని పడుతుంది. రాత్రి నిశ్శబ్దంలో గన్ పెట్టిన రెండు మూడు సెకన్లకు వినిపించే చప్పుడు అదే.

గమనించండి, డబ్బా చెప్పేది "ఇంతకు మించి లాగొద్దు" అని మాత్రమే. "ఇంత తీసుకో" అని కాదు. కరెంటును డబ్బా తోయదు, కారు లాక్కుంటుంది. మా బావమరిది డబ్బా 32 ఆంపియర్ల దాకా లాగొచ్చని నిజాయితీగానే చెబుతోంది. కారులోని ఓబీసీ 14 దగ్గర ఆగిపోతోంది, ఎందుకంటే దాని శక్తి అంతే.

ఊళ్లో వాళ్లకు ఇది మోటారు లెక్కలో చెబితే చిటికెలో అర్థమవుతుంది. బావి దగ్గర ఐదు హెచ్‌పీ మోటారు ఉంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి 63 కేవీఏది పెట్టారు. మోటారు ఇప్పుడు రెండింతల నీళ్లు పోస్తుందా? పోయదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువై వోల్టేజ్ పడిపోతుంటే ఆ బాధ తీరుతుంది, అంతవరకే. నీళ్లు ఎక్కువ కావాలంటే మోటారు మార్చాలి. ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో వాల్ బాక్స్, మోటారు స్థానంలో ఓబీసీ.

సరే, ఓబీసీ అయినా ఎందుకు ఆగాలి, బయట కరెంటు ఉన్నప్పుడు కాస్త ఎక్కువ లాగితే ఏమవుతుంది అని అడగొచ్చు. లోపల ఏం జరుగుతుందో చూస్తే జవాబు దొరుకుతుంది. ముందు ఒక ఫిల్టర్ ఉంటుంది, లోపలి స్విచింగ్ గోల ఇంటి వైరింగ్‌లోకి పోకుండా. తర్వాతి దశలో ఏసీ కాస్తా డీసీ అవుతుంది, దాని వోల్టేజ్ కూడా నాలుగు వందల దగ్గరికి పెరుగుతుంది. ఇదే దశలో ఇంటి నుంచి లాగే కరెంటు వోల్టేజ్ అలతో కలిసి నడిచేలా సరిచేస్తారు. ఆ డీసీని మళ్లీ సెకనుకు లక్ష సార్లకు పైగా కోసి, అరచేతిలో పట్టేంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, అవతల మళ్లీ డీసీ చేసి బ్యాటరీకి ఇస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో ఉండడం వల్ల ఇంటి లైనుకు, బ్యాటరీకి నేరుగా తీగ సంబంధం ఉండదు. ఎక్కడైనా ఇన్సులేషన్ పోయినా కారు బాడీకి షాక్ రాకుండా కాపాడే ఏర్పాట్లలో అదొకటి.

ఈ ప్రతి దశలోనూ కాయిళ్లు, స్విచ్‌లుగా పనిచేసే ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు ఉంటాయి. ప్రతిదాన్నీ ఒక కరెంటుకు లెక్కగట్టి ఎంచుతారు. కాయిల్‌లోని ఇనుప లాంటి కోర్ ఒక హద్దు దాకా అయస్కాంత శక్తిని పట్టుకుంటుంది. అది దాటితే కాయిల్ ఉన్నా లేనట్టే అయిపోయి కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, ట్రాన్సిస్టర్ క్షణంలో కాలిపోతుంది. అంతకన్నా రోజువారీ శత్రువు వేడి. కరెంటు పెరిగిన కొద్దీ రాగిలో పుట్టే వేడి దాని వర్గంలో పెరుగుతుంది. 14 ఆంపియర్ల నుంచి 31 ఆంపియర్లకు వెళ్తే కరెంటు రెండింతలు దాటింది కానీ అదే తీగలో వేడి దాదాపు ఐదింతలు. ఓబీసీ సామర్థ్యం 93 శాతం అనుకున్నా, 7.2 కిలోవాట్ల దగ్గర ఐదు వందల వాట్ల పైచిలుకు వేడిగా పోతుంది. ఇస్త్రీ పెట్టెలో సగం అనుకోండి. మూసి ఉన్న అల్యూమినియం డబ్బాలో, ఆగి ఉన్న కారులో, గంటల తరబడి. అందుకే చాలా కార్లలో ఓబీసీకి నీటి కూలింగ్ ఉంటుంది. అర్ధరాత్రి కారు దగ్గరికి వెళ్తే బానెట్ కింద సన్నగా వినిపించే మోత ఆ పంపుదీ, ఫ్యానుదీ.

కాబట్టి పరిమితి సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన అంకె మాత్రమే కాదు. 3.3 ఓబీసీని సర్వీస్ సెంటర్‌లో లాప్‌టాప్ పెట్టి 7.2 చేయలేరు. లోపలి కాయిళ్లు, ట్రాన్సిస్టర్లు, కూలింగ్ వేరు. కొన్ని కార్లలో చార్జింగ్ పోర్ట్ నుంచి ఓబీసీకి వెళ్లే వైరు మందం కూడా వేరు.

మరి కంపెనీలు పెద్దదే పెట్టొచ్చు కదా? పెడితే ఖరీదు, బరువు, స్థలం పెరుగుతాయి. పైగా మన ఇళ్లలో ఎక్కువ శాతం సింగిల్ ఫేజ్ మీటర్లు. ఇంటికి ఐదు కిలోవాట్ల లోడ్ కూడా లేని మనిషికి ఏడు కిలోవాట్ల ఓబీసీ ఇస్తే దాన్ని ఎక్కడ వాడుకుంటాడు? అందుకే 2022లో టాటా టియాగో ఈవీ, 2023లో మహీంద్రా ఎక్స్‌యూవీ400 వచ్చినప్పుడు 3.3, 7.2 రెండు రకాల ఓబీసీలతోనూ వచ్చాయి. చూడడానికి తేడా తెలియదు. షోరూంలో సన్‌రూఫ్ గురించి పది నిమిషాలు చెప్పేవాళ్లు దీని గురించి ఒక్క ముక్క చెప్పరు, మనం అడగం.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం ఇంకోటి. హైదరాబాద్ రోడ్డులో ఎక్కడో ఫాస్ట్ చార్జర్ దగ్గర ఆపితే ఇదే కారు ఇరవై, ముప్పై కిలోవాట్లు తీసుకుంటుంది కదా, అక్కడ లేని అడ్డం ఇంటి దగ్గర ఎందుకు? ఎందుకంటే అక్కడ ఓబీసీ దారిలోనే లేదు. ఏసీని డీసీ చేసే యంత్రం మొత్తం ఆ బీరువా అంత పెట్టెలో ఉంటుంది. గన్ కింది భాగంలో ఉండే రెండు లావు పిన్నుల గుండా డీసీ నేరుగా బ్యాటరీ లైనులోకి వెళ్తుంది. అప్పుడు హద్దు పెట్టేది స్టేషన్, బ్యాటరీ, దాని వేడి. ఓబీసీ ఆ సేపు ఖాళీగా కూర్చుంటుంది.

ఇప్పుడు మా బావమరిది లెక్క పూర్తి చేద్దాం. 20 శాతం నుంచి నిండా అంటే బ్యాటరీలోకి 19 యూనిట్ల పైన వెళ్లాలి. దారిలో పోయే పదో వంతు కలుపుకుంటే మీటర్ మీద సుమారు 21 యూనిట్లు పడతాయి. 3.2 కిలోవాట్ల చొప్పున ఆరున్నర గంటలు దాటుతుంది, చివర్లో బ్యాటరీ నెమ్మదిస్తుంది కాబట్టి ఏడు అనుకోవచ్చు. అదే గోడ డబ్బా, అదే వైరు, 7.2 ఓబీసీ ఉన్న కారు అయితే మూడు గంటల పని. పాత చార్జర్‌తో కారు పది, పదకొండు ఆంపియర్లు లాగేది. ఆ లెక్కన అతనికి ఈ డబ్బా వల్ల మిగిలింది ఏ రెండు గంటలో. ఆ చార్జర్‌తో వచ్చిన చిన్న డబ్బా తక్కువ ఆంపియర్లే చెప్పేది, కారు ఆ మాట వినేది. అంటే ఆట రెండు వైపులా ఉంది: డబ్బా చెప్పింది, కేబుల్ మోయగలిగింది, ఓబీసీ చేయగలిగింది, ఆ క్షణంలో బ్యాటరీ అడిగింది, వీటిలో ఏది చిన్నదో అదే నడుస్తుంది. అతని విషయంలో మొదట డబ్బా చిన్నది, తర్వాత ఓబీసీ చిన్నది.

అసలు తమాషా కేసు ఇది కాదు. కరీంనగర్‌లో ఉండే ఒక స్నేహితుడిది. ఆయన కారులో ఓబీసీ 7.2 కిలోవాట్లదే, బ్యాటరీ 40 యూనిట్లు. ఇంటికి త్రీఫేజ్ మీటర్ ఉంది. 7.4 డబ్బా ఎందుకు, ఎలాగూ త్రీఫేజ్ ఉంది కదా, పెద్దదే పెడదామని 11 కిలోవాట్ల వాల్ బాక్స్ పెట్టించాడు. ఆయన లెక్క ఏంటంటే, కారు ఎలాగూ ఏడు దగ్గర ఆగుతుంది, డబ్బా పెద్దదైతే నష్టమేముంది? వినడానికి సబబే. కానీ కారు 3.6 కిలోవాట్ల దగ్గర ఆగిపోయింది. పెద్ద డబ్బా పెడితే చార్జింగ్ సగానికి పడిపోయింది!

11 కిలోవాట్లు అన్న అంకె ఎలా వచ్చిందో విప్పితే ముడి వీడుతుంది. మూడు ఫేజులు, ఒక్కో ఫేజుకు 16 ఆంపియర్లు, 230 వోల్టులు. గుణిస్తే 11,040 వాట్లు. 7.4 డబ్బా అంటే ఒకే ఫేజు, 32 ఆంపియర్లు. డబ్బా మీద అంకె పెద్దదే కానీ ఒక్కో ఫేజు మీద అది ఇచ్చేది సగమే. మన దగ్గర అమ్ముడవుతున్న 7.2 ఓబీసీలు సింగిల్ ఫేజ్‌వి. ఏసీని డీసీగా మార్చే ఏర్పాటు ఒక్క ఫేజుకే ఉంటుంది, మిగతా రెండు ఫేజులు ముట్టుకునే దారి లేదు. కారుకు కంట్రోల్ పైలట్ మీద వచ్చిన కబురు 16 ఆంపియర్లు. తన ఒక్క ఫేజు మీద 16 లాగింది. 3,680 వాట్లు. మిగతా ఏడు కిలోవాట్లు రెండు ఫేజుల మీద గన్ దాకా వచ్చి ఆగిపోయాయి.

ఇది కళ్లతో చూడొచ్చు. కారు చార్జింగ్ పోర్ట్‌లో ఉండే టైప్ 2 సాకెట్‌కు పై వరుసలో రెండు చిన్న పిన్నులు, మధ్యలో మూడు, కింద రెండు, మొత్తం ఏడు. పైనవి రెండూ కబుర్లకు. మధ్యలో ఫేజు, ఎర్త్, న్యూట్రల్. అడుగున ఉండే రెండు రెండో ఫేజు, మూడో ఫేజువి. ఫాస్ట్ చార్జింగ్ లావు పిన్నులు వీటికీ కింద, విడిగా ఉంటాయి. సింగిల్ ఫేజ్ కార్లు చాలావాటిలో ఆ అడుగు రంధ్రాల్లో లోహపు పిన్ను ఉండదు, ఉత్త ప్లాస్టిక్ గొయ్యి. స్నేహితుడి కారు ఫ్లాప్ తెరిచి ఫోన్ టార్చ్ వేసి చూపించాను. రెండూ ఖాళీ. ఆయన కాసేపు చూసి, "అంటే నేను రెండు ఫేజులు వాకిట్లోకి పిలిచి నిలబెట్టినట్టున్న" అన్నాడు.

నిజంగా 11 కిలోవాట్ల త్రీఫేజ్ ఓబీసీ ఉన్న కార్లు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి, హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ లాంటివి. వాటిలో ఒక్కో ఫేజుకు ఒక చార్జర్ మాడ్యూల్ ఉందనుకోవచ్చు, మూడు కలిసి పదకొండు. ఆ డబ్బా వాటికి అతికినట్టు సరిపోతుంది. సింగిల్ ఫేజ్ కారు ఉన్నవాళ్లు త్రీఫేజ్ డబ్బాయే కావాలనుకుంటే 22 కిలోవాట్లది కొనాలి, అప్పుడు ఒక్కో ఫేజు మీద 32 ఆంపియర్లు ఉంటాయి కాబట్టి సింగిల్ ఫేజ్ కారుకూ ఏడు వస్తుంది. కానీ ఒక కారు కోసం అంత డబ్బా, దానికి తగ్గ మీటర్ లోడ్ పెట్టించుకోవడం ఉడతను కట్టేయడానికి ఏనుగు గొలుసు తెచ్చినట్టు.

డబ్బా, ఓబీసీ రెండూ సరిపోయినా ఏడు ఎప్పుడూ ఏడుగానే ఉండదు. ఓబీసీకి ఆంపియర్లలో హద్దు ఉంటుంది కాబట్టి వోల్టేజ్ తగ్గితే కిలోవాట్లూ తగ్గుతాయి. యాసంగి నాట్ల సమయంలో ఊళ్లలో మోటార్లన్నీ నడిచే వేళ వోల్టేజ్ 195కు పడితే, 32 ఆంపియర్లు నిండా లాగినా 6.2 కిలోవాట్లే. ఎండాకాలం ఇంకో రకం. మధ్యాహ్నం 44 డిగ్రీల్లో రేకుల షెడ్డు కింద పెడితే ఓబీసీ తనను తాను కాపాడుకోవడానికి కరెంటు తగ్గించుకోవచ్చు. ఏది కారణమో తెలుసుకోవడం కష్టం కాదు. మొదటి నిమిషం నుంచి ఒకే ఆంపియర్ల దగ్గర కదలకుండా ఉంటే అది ఓబీసీ హద్దో, డబ్బా చెప్పిన హద్దో. బాగా మొదలై అరగంటకు తగ్గితే వేడి. ఆంపియర్లు నిలకడగా ఉండి కిలోవాట్లు ఊగుతుంటే వోల్టేజ్. ఎనభై, తొంభై శాతం దాటాక మెల్లగా తగ్గితే బ్యాటరీ, అది మామూలే.

టాంగ్ టెస్టర్ లేకపోయినా ఇంటి మీటర్ చాలు. డిజిటల్ మీటర్ రీడింగ్ రాసుకుని, ఏసీ, గీజర్ ఆపి, సరిగ్గా గంట చార్జింగ్ పెట్టి మళ్లీ చూడండి. మూడుంపావు నుంచి మూడు ముప్పావు యూనిట్ల దాకా తిరిగితే కారులో 3.3 ఓబీసీ ఉన్నట్టో, 16 ఆంపియర్ల దగ్గర ఎవరో ఆపుతున్నట్టో. ఏడు తిరిగితే 7.2 నిండా నడుస్తోంది. ఒక చిక్కు ఉంది: ఓబీసీ మీద రాసే అంకె కొందరు లోపలికి వచ్చే పవర్‌కు రాస్తారు, కొందరు బయటికి వెళ్లే పవర్‌కు. అందుకని పదో వంతు అటూ ఇటూ తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. సగం తేడా వస్తేనే వెతకాలి.

కరీంనగర్ స్నేహితుడి డబ్బాను అమ్మిన డీలర్ గీసి గీసి బేరమాడి వెనక్కి తీసుకున్నాడు. దాని స్థానంలో 7.4 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ డబ్బా వచ్చింది. మూడు ఫేజులకు లాగిన పాత వైరు 16 ఆంపియర్లకు వేసింది కాబట్టి 32 మోయదు, దాన్ని మార్చాల్సి వచ్చింది. ఇంట్లో ఒక ఏసీ, గీజర్ అంతకుముందు అదే ఫేజు మీద ఉండేవి. ఎలక్ట్రీషియన్ వాటిని మిగతా రెండు ఫేజుల మీదికి మార్చి, కారుకు ఒక ఫేజు ఒంటరిగా వదిలేశాడు. ఆ రాత్రి పదింటికి ఫోన్‌లో ఫొటో వచ్చింది, టెస్టర్ మీద 31.2. అంతకుముందు 20 శాతం నుంచి నిండడానికి దాదాపు పది గంటలు పట్టే కారు, తెల్లవారుజామున మూడు దాటాక ఆగిపోయింది.

మా బావమరిది మాత్రం డబ్బా వెనక్కి ఇవ్వలేదు. రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు తిరిగేవాడికి రాత్రి మూడు గంటలు చాలు, మూడు కిలోవాట్లు చాలు. వచ్చే కారు 7.2ది కొంటాడట, అప్పటిదాకా గోడ మీద ఉండనీ అంటున్నాడు.